మూడు కేజీల గాలి: తాటాకు బుట్టలకు ధర కట్టిన నా అనుభవం

మా బ్యాంకు ఖాతాలో ఆన్‌లైన్ అమ్మకం తాలూకు మొదటి డబ్బు పడినప్పుడు నేను పొయ్యి దగ్గరున్నాను. ఫోన్ మోగింది, చూశాను. 23 రూపాయల 2 పైసలు. ముందు ఇది టెస్టింగ్ కోసం వేసే డబ్బేమో అనుకున్నాను, ఖాతా సరైందో కాదో చూడ్డానికి ఒక రూపాయి వేస్తారు కదా, అలాంటిదని. సాయంత్రం సెల్లర్ ప్యానెల్ తెరిచి చూస్తే తెలిసింది, అది టెస్టింగ్ కాదు. 299 రూపాయలకు విశాఖపట్నం పంపిన తాటాకు మూత బుట్టకి మాకు మిగిలింది అదే.

మాది సింగరాయకొండ దగ్గర ఒక ఊరు. సముద్రం వైపు పోయేకొద్దీ ఎటు చూసినా తాటిచెట్లే. మా అత్తయ్య చిన్నప్పటి నుంచీ బుట్టలు అల్లుతుంది. లేత ఆకు తెప్పించి, ఈనెలు తీసి, ఆరబెట్టి, సన్నగా చీల్చి, కొన్ని చీలికల్ని రంగు నీళ్ళలో ఉడకబెట్టి, ఎరుపూ పచ్చా కలిపి గళ్ళు వచ్చేట్టు అల్లుతుంది. ఒంగోలులో ఒక షాపాయన ఏళ్ళ తరబడి ఆమె దగ్గర టోకుగా కొంటున్నాడు. 20 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తున్న మూత బుట్టకి 120 రూపాయలు ఇస్తాడు. ఆయన షాపులో అది 220కి అమ్ముడవుతుంది. ఆ వంద మనమే తీసుకుందాం అని ఆన్‌లైన్‌లో పెట్టించింది నేనే. కాబట్టి తర్వాత జరిగినదానికి తిట్లు తినాల్సింది కూడా నేనే.

ఊరికే పెట్టేయలేదు. నోటుపుస్తకంలో లెక్క రాసుకునే పెట్టాను. ఆకు, రంగు కలిపి 33 రూపాయలు. అత్తయ్య కూలి 80. అట్టపెట్టె 15. మొత్తం 128. కమీషన్ 12 శాతం, అంటే 299 మీద 36. ఒక్కో ఆర్డరుకి క్లోజింగ్ ఫీజు అని 20. పెట్టెతో కలిపి తూకం వేస్తే 420 గ్రాములు వచ్చింది. అర కేజీ లోపు మన రాష్ట్రంలోనే పంపితే షిప్పింగ్ 48 అని రేట్ కార్డులో ఉంది. అన్నీ తీసేస్తే 67 రూపాయలు మిగలాలి. అత్తయ్య కూలి 80 విడిగా ఉంది కాబట్టి ఇంటికి మొత్తం 147 వస్తుందని సంబరపడ్డాను.

వచ్చింది 23. అందులోంచి 128 ఖర్చు తీసేస్తే బుట్టకి 105 రూపాయలు ఎదురిచ్చి పంపినట్టు. ఇక్కడ ఇంకో చిక్కుంది. సరుకు అందిన తర్వాత కొన్ని రోజులు ఆగితే గానీ డబ్బు పడదు. మొదటి సెటిల్‌మెంట్ చూసేసరికే ఇంకో తొమ్మిది బుట్టలు వెళ్ళిపోయాయి. ఆర్డర్లు వస్తున్నాయని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాం కూడా. పది బుట్టలకి వెయ్యీ యాభై పోయింది.

బిల్లు విప్పి చూశాను. కమీషన్ 35.88. క్లోజింగ్ ఫీజు 20. ఇంతవరకూ నా లెక్కే. షిప్పింగ్ దగ్గర 48 ఉండాల్సిన చోట 178 ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో "3 కేజీలు". ఈ మూడూ కలిపితే 233.88. దాని మీద 18 శాతం జీఎస్టీ 42.10. ఈ జీఎస్టీ సంగతి నా నోటుపుస్తకంలో అసలు లేనే లేదు. ప్లాట్‌ఫామ్ వాళ్ళు మనకి చేసేది సేవ, సేవకి పన్ను ఉంటుంది, అది మన దగ్గరే వసూలు చేస్తారు. 12 శాతం కమీషన్ అంటే నిజానికి 14.16 శాతం అన్నమాట.

అయినా పన్ను కన్నా నా కోపమంతా ఆ మూడు కేజీల మీదే. 420 గ్రాముల బుట్టని మూడు కేజీలంటారా? కంప్లయింట్ పెట్టాను. కాటా మీద పెట్టెను పెట్టి తీసిన ఫొటో కూడా జత చేశాను. రెండో రోజు జవాబు వచ్చింది: మీ పెట్టె పొడవు 30, వెడల్పు 25, ఎత్తు 20 సెంటీమీటర్లు, వాల్యుమెట్రిక్ వెయిట్ 3 కేజీలు, మీ అభ్యంతరం తిరస్కరించబడింది.

ఆ పదం నేను వినడం అదే మొదలు. కొరియర్ వాళ్ళు రెండు బరువులు చూస్తారు. ఒకటి కాటా బరువు. రెండోది, పెట్టె వ్యాన్‌లో ఎంత చోటు తింటుందో దాన్ని బరువుగా మార్చిన లెక్క. ఏది ఎక్కువైతే దానికే డబ్బు. లెక్క ఇంతే:

```
పొడవు × వెడల్పు × ఎత్తు (సెం.మీ.) ÷ 5000 = కేజీలు
30 × 25 × 20 ÷ 5000 = 3.0
```

5000 అన్నది మేం వాడిన కొరియర్ లెక్క. చాలామంది అదే వాడతారు, కానీ వేరే అంకె పెట్టేవాళ్ళూ ఉంటారు కాబట్టి రేట్ కార్డులో చూసుకోవాలి. ఇత్తడి గిన్నె అమ్మేవాళ్ళకి ఈ బాధ లేదు, అది చిన్నగా బరువుగా ఉంటుంది. తాటాకు బుట్ట అంటే లోపల అంతా ఖాళీ. దాని చుట్టూ నేను ఇంకా పెద్ద పెట్టె పెట్టి, కదలకుండా పాత పేపర్లు కుక్కి, ఖాళీని మరింత పెంచాను. ఒంగోలులో రెడీమేడ్‌గా దొరికిన సైజు అదే, చవకగా వచ్చిందని పాతిక కొన్నాను. లిస్టింగ్‌లో కొలతలు అడిగినచోట పెట్టె కొలతలు కాకుండా బుట్ట కొలతలు రాశాను. వాళ్ళ గోడౌన్‌లో మెషీన్ పెట్టెను కొలిచి తన అంకె వేసుకుంది. తప్పు వాళ్ళది కాదు.

అత్తయ్యకి ఇది వివరించడం కష్టమైంది. అంతా విని, "ఏందమ్మా, గాలికి కూడా చార్జీ కడుతున్నామా?" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

సరే, పెట్టె చిన్నది చేయాలి. విజయవాడలో అట్టపెట్టెలు చేసేవాళ్ళకి ఫోన్ చేస్తే వంద పీసులు తీసుకుంటే మనకి కావలసిన కొలతలో చేసిస్తామన్నారు, ఒక్కోటి 22 రూపాయలు. 15 రూపాయల పెట్టె మానేసి 22 రూపాయల పెట్టె కొనడమేంటని మా ఆయన అడిగాడు. లోపలి కొలత 22 × 22 × 13 చెప్పాను. ఇక్కడ ఒక సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేది. పెట్టెలు చేసేవాళ్ళు చెప్పేది లోపలి కొలత, కొరియర్ కొలిచేది బయటి కొలత. అట్ట మందం, పైనా కిందా ఒకదాని మీద ఒకటి మడత పడే రెక్కలు కలిపి బయట 23 × 23 × 14 వచ్చింది. అంటే 7406ని 5000తో భాగిస్తే 1.48 కేజీలు. షిప్పింగ్ అర కేజీ మెట్లలో పెరుగుతుంది కాబట్టి ఒకటిన్నర కేజీ మెట్టు దాటకుండా సరిగ్గా అంచు మీద నిలబడింది. చార్జీ 178 నుంచి 100కి దిగింది.

అంచు మీద అని ఊరికే అనలేదు. కొత్త పెట్టెల్లో పంపిన ఆరింటిలో రెండింటికి మళ్ళీ రెండు కేజీల చార్జీ పడింది. ఒకే పెట్టె, ఒకే బుట్ట. మళ్ళీ కంప్లయింట్ పెడదామని ప్యాక్ చేసి ఉన్న ఒక పెట్టెకి దర్జీ టేపు పెట్టి కొలిచాను. అంచుల దగ్గర 14. మధ్యలో 15. బుట్ట కదలకూడదని మూత మీద పేపర్లు గట్టిగా కుక్కడంతో పెట్టెకి పొట్ట వచ్చింది. మెషీన్ ఎక్కువ ఉబ్బిన చోటే కొలుస్తుంది. ఎత్తు 15 అయితే 1.587 కేజీలు, అంటే రెండు కేజీల మెట్టు. పిడికెడు పాత పేపరుకి పన్నుతో కలిపి 30 రూపాయల 68 పైసలు. అప్పటి నుంచి పేపరు పక్కల్లో పెడతాను, మూత మీద పెట్టను. టేపు వేసి మూసిన తర్వాత పెట్టె మీద ఒక చెక్క స్కేలు అడ్డంగా పెట్టి చూస్తాను. స్కేలు రెండు అంచుల్నీ తాకాలి. మధ్యలో ఆని అటూ ఇటూ ఊగిందంటే విప్పి మళ్ళీ సర్దాల్సిందే. టేపు పెట్టి మూడు వైపులా ఫొటోలు కూడా తీసి ఉంచుతున్నాను. తర్వాత ఒకసారి వాళ్ళ మెషీనే తప్పు కొలిస్తే ఆ ఫొటోలతోనే డబ్బు వెనక్కి వచ్చింది.

ఇంత చేశాక ధర మళ్ళీ కట్టడానికి కూర్చున్నాను. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది, అది కొరియర్‌ది కాదు, మా ఇంటిదే. కూలి 80 అని రాశానే, అది ఎక్కడి నుంచి వచ్చింది? షాపాయన ఇచ్చే 120లో ఆకూ రంగూ ఖర్చు తీసేస్తే మిగిలేది 87. దాన్నే ఉజ్జాయింపుగా 80 అనుకున్నాను. అంటే అత్తయ్య పనికి నేను ధర కట్టలేదు, షాపాయన కట్టిన ధరలో మిగిలింది రాసుకున్నాను.

ఒక రోజు ఫోన్‌లో టైమర్ పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. బుట్ట అడుగు అల్లడానికి ఇరవై అయిదు నిమిషాలు. ఒక్కో చీలికనీ తడిగుడ్డతో తుడుస్తూ, కింద ఒకటి పైన ఒకటి పోనిస్తూ, నాలుగైదు వరసలకోసారి బొటనవేలి గోరుతో వెనక్కి నొక్కి బిగిస్తుంది. గోడ లేపేటప్పుడు ఒక మూల వదులైందని చిన్నగా విసుక్కుని రెండు వరసలు విప్పేసింది. నేనైతే అది చూసే దాన్ని కాదు. మధ్యలో మజ్జిగ తాగడానికి లేస్తే టైమర్ ఆపాను. అంచు కట్టి, మూత అల్లి, మూత సరిగ్గా కూర్చుందో లేదో తిప్పి చూసుకునేసరికి, ఈనె తీసి చీల్చిన టైముతో కలిపి మూడు గంటలు. 80 రూపాయల్ని మూడుతో భాగిస్తే గంటకి 27. ఎనిమిది గంటలు అల్లినా 213 దాటదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలే రోజుకి 307 రూపాయలు. యాభై ఏళ్ళ చేతి పని మట్టి పని కూలి కన్నా తక్కువకి పోతోంది. నేను గంటకి 50 వేద్దామన్నాను. అత్తయ్యే "అంత ఎవరిస్తారే" అని నవ్వింది. కానీ రాశాను. బుట్టకి 150.

ఈ కూలితో ఒక్క బుట్టకి ఎంత ధర పెట్టాలో చూశాను. ఆకూ రంగూ 33, కూలి 150, ప్యాకింగ్ మొత్తం 32. పెట్టె 22 పోను టేపు, లేబుల్, బటర్ పేపర్ కలిసి పది అవుతాయి, మొదట్లో వాటిని లెక్కలోకే తీసుకోలేదు. షిప్పింగ్, క్లోజింగ్ ఫీజు కలిపి 120, దాని మీద పన్నుతో 141.60. రిటర్నులకి కొంత, లాభం కింద కనీసం యాభై. కమీషన్ కూడా కలిపితే 514 రూపాయలు వచ్చింది. ఒంగోలు షాపులో 220కి దొరికే బుట్టకి 514! కొనేవాళ్ళు లేరు, నేనైనా కొనను.

ఇక్కడే రెండు మూడు వారాలు ఆగిపోయాం. ఆన్‌లైన్ మనకి కాదులే అని తీసేయబోయాను కూడా. ఆ టైములో అత్తయ్య అరుగు మీద సర్దుతూ, షాపాయన కోసం చేసిన రకరకాల సైజుల బుట్టల్ని ఎప్పటిలాగే ఒకదాంట్లో ఒకటి పెట్టి ఉంచింది. చిన్నదాన్ని మూతతో సహా మధ్యరకందాంట్లో, దాన్ని పెద్దదాంట్లో. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం అది వేరేగా కనిపించింది. పెద్ద బుట్టలోని గాలికి నేను ఎలాగూ డబ్బు కడుతున్నాను. ఆ గాలి స్థానంలో ఇంకో రెండు బుట్టలు కూర్చుంటే షిప్పింగ్ ఒక్క పైసా పెరగదు.

మూడు బుట్టల సెట్. 20, 16, 12 సెంటీమీటర్లు. మూడూ కలిపి 370 గ్రాములు, పెట్టె, పేపర్లతో 570 గ్రాములు. కాటా బరువు పెరిగినా అది లెక్కలోకే రాదు, ఎందుకంటే పెట్టె అదే, 1.48 కేజీలూ అదే. నిజమైన బరువు ఒకటిన్నర కేజీకి చేరేదాకా మనం లోపల ఏం పెట్టినా షిప్పింగ్ ఒకటే. ఈ ఒక్క ముక్కే మా వ్యాపారాన్ని నిలబెట్టింది.

సెట్టుకి లెక్క ఇలా వేసుకున్నాను. ఆకూ రంగూ 70. మధ్యది రెండుంబావు గంటలు, చిన్నది గంటన్నర, పెద్దదానితో కలిపి 6 గంటల 45 నిమిషాలు, కూలి 340. ప్యాకింగ్ 32. ఇంటి ఖర్చు 442. షిప్పింగ్, క్లోజింగ్ ఫీజు పన్నుతో 141.60.

రిటర్నులకి అంచనా వేయకుండా, అప్పటిదాకా రాసుకున్న పుస్తకం చూశాను. 40 ఆర్డర్లలో నాలుగు వెనక్కొచ్చాయి. రెండు క్యాష్ ఆన్ డెలివరీవి, తలుపు దగ్గరే వద్దన్నారు. ఒకరు ఫొటోలో పెద్దగా కనిపించింది, చేతికొస్తే చిన్నగా ఉందన్నారు. ఆ తర్వాత బుట్ట పక్కన కొబ్బరికాయ పెట్టి ఫొటో తీశాను, మళ్ళీ ఆ మాట రాలేదు. నాలుగోది బూజు పట్టి వచ్చింది. అక్టోబరు ముసురులో అల్లింది, సరిగ్గా ఆరకుండానే ప్యాక్ చేశాం. తాటాకు పైకి పొడిగానే ఉంటుంది, మడతల్లో తడి ఉంటుంది. బుట్ట లోపల చెయ్యి పెట్టి మూలల్లో చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని అర్థం. నేను అమ్మే చోట వెనక్కొచ్చినవాటికి రానూ పోనూ షిప్పింగ్ మన మీదే పడుతుంది. కొన్ని చోట్ల వద్దన్న ఆర్డరుకి తీసుకోరట, అది చూసుకుని లెక్కేసుకోవాలి. సెట్టు ధరల్లో చూస్తే ఒక్కో రిటర్నుకి రెండు వైపులా షిప్పింగ్ పన్నుతో 236, పాడైన ప్యాకింగ్ 32, మొత్తం 268. నాలుగింటికి 1,072. బూజు పట్టిన సెట్ అనుకుంటే సరుకే పోయినట్టు, ఇంకో 410. మొత్తం 1,482 రూపాయల్ని, సరిగ్గా చేరిన 36 ఆర్డర్లు మోయాలి. ఒక్కోదాని మీద 41. తిరిగొచ్చిన నాలుగింటి మీద వేసి లాభం లేదు కదా, వాటికి ఎవరూ డబ్బివ్వలేదు.

442, 141.60, 41 కలిపితే 624.60. సెట్టుకి వంద రూపాయలు మిగలాలనుకున్నాను. కొత్త డిజైన్లకి, ఒక ఏడాది ఆకు ధర పెరిగితే తట్టుకోవడానికి. 724.60 అయింది. ఇక మిగిలింది కమీషన్.

ఇక్కడ నేను మళ్ళీ తప్పు చేయబోయాను, చాలామంది చేస్తారనుకుంటా. 724.60కి 14.16 శాతం కలిపి 827 అని రాసుకున్నాను. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడు చూసి "అమ్మా, కమీషన్ 724 మీద కాదు, 827 మీద తీసుకుంటారు" అన్నాడు. నిజమే. 827 మీద 14.16 శాతం అంటే 117. అది పోతే చేతికొచ్చేది 710. సెట్టుకి పద్నాలుగు రూపాయలు తక్కువ. కలపకూడదు, భాగించాలి:

```
(442 + 141.60 + 41 + 100) ÷ (1 − 0.1416)
= 724.60 ÷ 0.8584
= 844
```

849 పెట్టాను. మూడు బుట్టలకి 849 అంటే ఒక్కోటి 283. ఒంగోలు షాపు ధరకి దగ్గర్లోనే ఉంది, ఇంటికే వస్తుంది, పైగా ఒంగోలులో ఎవరూ సెట్టుగా అమ్మరు. మొదటి నెల తొమ్మిది సెట్లు పోయాయి. తక్కువేమీ కాదు, అత్తయ్య నెలకి ఇరవైకి మించి చేయలేదు కూడా.

దసరా సేల్ వచ్చినప్పుడు పది శాతం తగ్గిస్తే ముందు పేజీలో చూపిస్తామన్నారు. 849 మీద 85 తగ్గితే కమీషన్ కూడా కొంచెం తగ్గుతుంది కాబట్టి మన చేతికి 73 తగ్గుతుంది. వందలో 73 పోతే మిగిలేది ముప్ఫై లోపే. ఆ సారి వద్దన్నాను. తర్వాత ధర 899 చేశాను. ఇప్పుడు పది శాతం తగ్గించి 809కి ఇచ్చినా 70 దాకా మిగులుతుంది. ధర పెంచి తగ్గింపు చూపించడం నాకు అంత నచ్చదు. కానీ ఏడాదిలో నాలుగైదు సార్లు తగ్గించమని అడుగుతారని తెలిశాక, దానికి చోటు లేని ధర పెట్టుకోవడం కూడా తెలివితక్కువే.

సెట్టు కుదిరాక అదే కళ్ళతో మిగతా సరుకు చూశాను. విసనకర్రలు ఎప్పుడూ పట్టించుకోలేదు, చవకవి కదా అని. కానీ అవి పలచగా ఉంటాయి. గుడ్డ అంచు కుట్టిన రెండు విసనకర్రలు 30 × 24 × 2 సెంటీమీటర్ల కవరులో పడతాయి. 1440ని 5000తో భాగిస్తే 0.288. అర కేజీ మెట్టు, 48 రూపాయలు. బుట్ట కన్నా వాటిమీదే శాతంగా ఎక్కువ మిగులుతోంది. పూలసజ్జ మాత్రం తీసేశాను. దాని పిడి నిలబడి ఉంటుంది, పెట్టె ఎత్తు రెట్టింపవుతుంది. అది షాపాయనకే ఇస్తాం.

ఇంకా తేలనిది హైదరాబాద్ సంగతి. మాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. 2023 అక్టోబరు 1 నుంచి మాలాంటి చిన్నవాళ్ళు పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని ప్లాట్‌ఫామ్‌ల మీద అమ్ముకోవచ్చు. కానీ సొంత రాష్ట్రంలోనే. తెలంగాణ నుంచి మెసేజ్‌లు వస్తున్నాయి, పంపలేకపోతున్నాం. రిజిస్ట్రేషన్ తీసుకుంటే ధరలోంచి పన్ను పోతుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. ఒంగోలులో ఆడిటర్ గారి దగ్గరికి 849 ధర ఉన్నప్పటి కాగితాలు తీసుకెళ్తే ఆయన పది నిమిషాల్లో లెక్క తిప్పేశారు. "బుట్టల మీద 5 శాతం అమ్మా. 849లో అది 40 రూపాయల 43 పైసలు. ఇప్పుడు మీరు కమీషన్, షిప్పింగ్, క్లోజింగ్ ఫీజుల మీద కడుతున్న 18 శాతం ఎంత? 39 రూపాయల 94 పైసలు. రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 39.94 క్రెడిట్‌గా వస్తుంది. చేతి నుంచి పడేది అర్ధ రూపాయి." ప్లాట్‌ఫామ్ వాళ్ళు టీసీఎస్ అని అమ్మకం దగ్గరే పట్టే పన్ను కింద అర శాతం పట్టుకున్నా అదీ మన లెక్కలోకే తిరిగొస్తుందట.

అంటే రిజిస్ట్రేషన్ లేకపోవడం వల్ల పన్ను తప్పించుకుంటున్నామని అనుకున్నాం గానీ, ఫీజుల మీద కట్టిన పన్ను వెనక్కి అడిగే దారి లేక అంతే పోగొట్టుకుంటున్నాం. ఖర్చల్లా జీఎస్టీ రిటర్నులు వేసినందుకు ఆడిటర్ గారికి నెలకి ఇవ్వాల్సిన 500. సెట్టుకి వంద మిగిలితే నెలకి అయిదు సెట్లు ఆయనకే. పక్క రాష్ట్రానికి షిప్పింగ్ కూడా ఎక్కువే, ఒకటిన్నర కేజీకి 100 కాదు, 130. ముప్ఫై పెరిగితే పన్ను క్రెడిట్ పోనూ ధర మీద 36 దాకా పెరగాలి. నెలకి ఎనిమిది, పది సెట్లు హైదరాబాదుకే పోతాయనుకుంటే తీసుకోవచ్చు. అత్తయ్య ఒక్క చేత్తో అన్ని అల్లగలదా అన్నది అసలు ప్రశ్న. పక్క వీధిలో ఇద్దరికి వచ్చు, గంటకి 50 అంటే వస్తామన్నారు.

పోయిన వారం పెట్టెలు అయిపోవచ్చాయి, కొత్తవి ఆర్డరివ్వాలి. ఈసారి ఇవ్వబోయే ముందు అత్తయ్యని ఒకటడిగాను: పెద్ద బుట్ట మూత ఒక్క సెంటీమీటరు తగ్గించగలవా అని. మూత ఎత్తు తగ్గితే పెట్టె 23 × 23 × 13 అవుతుంది, 1.375 కేజీలు. కొంచెం పొట్ట వచ్చినా మెట్టు దాటదు, స్కేలు పెట్టి చూసే పని తప్పుతుంది. ఆమెకి నచ్చలేదు. మూత గుండ్రంగా లేవకపోతే బుట్ట తలకాయ నొక్కినట్టుంటుందంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే అరుగు మీద కొత్త బుట్ట ఉంది. మూత అంతే గుండ్రంగా ఉంది, బుట్ట గోడలో మాత్రం రెండు వరసలు తగ్గించింది. టేపు పెట్టి కొలిచాను, 11 సెంటీమీటర్లు. విజయవాడకి ఫోన్ చేసి ఎత్తు 12 చెప్పాను.